భూస్థిర ఉపగ్రహం ఎత్తును మీరే లెక్కగట్టి, డాబా మీద సరిచూసుకోవడం ఎలా?

ఇంటి మీద బిగించిన డిష్‌ను ఒకసారి సరిచేశాక ఏళ్ల తరబడి ఎవరూ కదపరు. అది చూస్తున్న ఉపగ్రహం మాత్రం సెకనుకు మూడు కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతూనే ఉంటుంది. ఆ రెండూ ఎప్పుడూ ఎదురెదురుగా ఉండాలంటే ఉపగ్రహం భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, గుండ్రని కక్ష్యలో తిరగాలి. ఇంకే ఎత్తూ, ఇంకే అక్షాంశమూ కుదరదు. ఈ అంకెను పుస్తకంలో చదివి నమ్మవలసిన అవసరం లేదు. ఒక కాలిక్యులేటర్, ఒక పంచాంగం, ఎండ పడే డాబా ఉంటే మీరే రాబట్టుకోవచ్చు. ఉదాహరణకు హైదరాబాద్‌ను (17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం), 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉండి డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్లను ప్రసారం చేసే జీశాట్-15 ఉపగ్రహాన్ని తీసుకుందాం. మీ ఊరు వేరైతే ఆ రెండు అంకెలు మార్చుకుంటే చాలు.

ముందుగా, అలాంటి ఎత్తు ఒక్కటే ఎందుకు ఉంటుందో చూసుకోండి

భూమి చుట్టూ తిరిగే రెండు వస్తువులను పక్కపక్కన పెట్టండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో గంటన్నరకు ఒక చుట్టు పూర్తిచేస్తుంది. చంద్రుడు దాదాపు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉండి, ఒక చుట్టుకు 27.3 రోజులు తీసుకుంటాడు. దూరం పెరిగేకొద్దీ భూమి లాగే బలం తగ్గుతుంది, తిరగవలసిన దారి పొడవు పెరుగుతుంది. ఈ రెండు కారణాలూ ఒకే వైపు పనిచేస్తాయి కాబట్టి పైకి వెళ్లేకొద్దీ చుట్టుకు పట్టే కాలం పెరుగుతూనే పోతుంది, ఎక్కడా వెనక్కి తగ్గదు. అందువల్ల గంటన్నరకూ 27 రోజులకూ మధ్య ఎక్కడో ఒకచోట చుట్టు కాలం భూమి తన చుట్టూ తాను తిరిగే కాలానికి సమానం కావాలి. అలా సమానమయ్యే చోటు ఒక్కటే ఉండాలి. మిగిలిన పనంతా ఆ చోటును అంకెల్లోకి తేవడమే.

ఇక్కడ చాలామంది మనసులో ఒక పొరపాటు ఊహ ఉంటుంది. ఆ ఎత్తులో భూమ్యాకర్షణ ముగిసిపోతుందని, అందుకే ఉపగ్రహం అక్కడ తేలుతూ నిలబడుతుందని అనుకుంటారు. నిజానికి అక్కడ కూడా భూమి దాన్ని నేల మీది బలంలో దాదాపు 44వ వంతుతో లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడే దాని దారిని నిరంతరం వంచి వృత్తంగా మారుస్తుంది. లాగుడు లేకపోతే ఉపగ్రహం సరళరేఖలో దూరంగా వెళ్లిపోతుంది. ఉపగ్రహం బరువు ఈ లెక్కలో ఎక్కడా రాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. రెండు టన్నుల ఉపగ్రహానికీ ఆరు టన్నుల ఉపగ్రహానికీ ఎత్తు ఒకటే.

తర్వాత, రోజు అంటే ఎంతో సరిగ్గా తీసుకోండి

లెక్క చేసేవారిలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన గడియారంలోని 24 గంటలు ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నం వరకు పట్టే సగటు కాలం. ఆ వ్యవధిలో భూమి సూర్యుడి చుట్టూ కూడా దాదాపు ఒక డిగ్రీ మేర ముందుకు సాగుతుంది కాబట్టి, సూర్యుడిని మళ్లీ అదే దిక్కులో చూడడానికి తన చుట్టూ తాను 360 డిగ్రీలు కాక 361 డిగ్రీలకు కాస్త తక్కువగా తిరగవలసి వస్తుంది. ఉపగ్రహానికి సూర్యుడితో పని లేదు. భూమి నక్షత్రాలను బట్టి సరిగ్గా 360 డిగ్రీలు తిరగడానికి ఎంత కాలం పడుతుందో అదే దానికి కావాలి. ఆ కాలం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, అంటే 86,164 సెకన్లు. దీన్నే నక్షత్ర దినం అంటారు. ఆ నాలుగు నిమిషాల తేడాను మీ కళ్లతోనే గమనించవచ్చు. రాత్రి ఒక నక్షత్రం ఎదురింటి పిట్టగోడ అంచున కనిపించిన సమయం రాసిపెట్టుకుని, మరుసటి రాత్రి అదే చోట నిలబడి చూడండి, అది దాదాపు నాలుగు నిమిషాలు ముందుగానే అక్కడికి చేరుతుంది.

ఇప్పుడు లెక్క చేయండి

కక్ష్య వ్యాసార్ధం ఘనం చుట్టు కాలం వర్గానికి అనుపాతంలో ఉంటుందన్నది కెప్లర్ మూడో నియమం. ఆ అనుపాతాన్ని సమీకరణంగా మార్చేది భూమి ద్రవ్యరాశికీ గురుత్వ స్థిరాంకానికీ గల లబ్ధం. దాని విలువ, కిలోమీటర్లు, సెకన్లలో, 398600.44. కాలిక్యులేటర్‌లో చేయాలంటే 86,164ను వర్గం చేసి, ఈ అంకెతో గుణించి, 39.478తో (π వర్గానికి నాలుగు రెట్లు) భాగించి, వచ్చిన ఫలితానికి ఘనమూలం తీయాలి. పైథాన్ తెలిసినవారు ఇలా రాసుకోవచ్చు:

```
import math
T = 86164
r = (398600.44 * T**2 / (4 * math.pi**2)) ** (1/3)
print(round(r), round(r - 6378))
```

మొదటి జవాబు 42164, రెండోది 35786. మొదటిది భూమి కేంద్రం నుంచి దూరం. అందులోంచి భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధమైన 6,378 కిలోమీటర్లను తీసివేస్తే నేల నుంచి ఎత్తు వస్తుంది. ఈ రెంటినీ కలగాపులగం చేయకుండా జాగ్రత్తపడండి. నియమం పనిచేసేది కేంద్రం నుంచి కొలిచిన దూరంతోనే, ఎత్తుతో కాదు.

ఇప్పుడు T స్థానంలో కావాలనే 86400 పెట్టి చూడండి. ఎత్తు దాదాపు 35,863 కిలోమీటర్లు వస్తుంది, అంటే 77 కిలోమీటర్లు ఎక్కువ. 35 వేలలో 77 కిలోమీటర్లు పెద్ద తేడాగా కనిపించదు. కాని ఆ కక్ష్యలోని ఉపగ్రహం 24 గంటల్లో 360 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది, ఆలోగా దాని కింద భూమి 361 డిగ్రీల దాకా తిరిగేస్తుంది. ఫలితంగా నేల మీది నుంచి చూసేవారికి అది రోజుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున పడమరకు జారుతుంది, రెండు మూడు రోజుల్లో ఇంటి మీది చిన్న డిష్ చూపు నుంచి తప్పుకుంటుంది. ఈ నిష్పత్తినే కిందికి తెచ్చుకుంటే, ఒక్క కిలోమీటరు తప్పినా వారానికి దాదాపు 0.09 డిగ్రీల జరుగుడు ఉంటుంది. ఉపగ్రహాన్ని దాని స్థానానికి అటూ ఇటూ 0.05 లేదా 0.1 డిగ్రీల లోపలే ఉంచడం వాడుక కాబట్టి, ఒక కిలోమీటరు తప్పును కూడా వారం రెండు వారాలకు మించి వదిలేయడానికి వీలుండదు. ఎత్తు ఒక్కటే అని అనడంలో ఎంత కచ్చితత్వం ఉందో ఈ అంకె చెబుతుంది.

నిజంగా జరిగిన ఒక తప్పుతో లెక్కను పరీక్షించండి

2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ తొలిసారి లేచింది, జీశాట్-1 ఉపగ్రహాన్ని మోసుకువెళ్లింది. పై భాగంలోని క్రయోజెనిక్ దశ ఇవ్వవలసిన వేగం పూర్తిగా ఇవ్వకపోవడంతో ఉపగ్రహం తక్కువ ఎత్తున్న కక్ష్యలో విడుదలైంది. ఆ లోటును ఉపగ్రహంలోని ఇంధనంతోనే పూడ్చడానికి ప్రయత్నించారు, కాని అది పూర్తిగా సాధ్యపడలేదు. చివరికి దాని కక్ష్య నేలకు దగ్గరైన చోట సుమారు 33,800 కిలోమీటర్లు, దూరమైన చోట సుమారు 35,670 కిలోమీటర్ల ఎత్తులో మిగిలింది.

ఈ రెండు అంకెల సగటు తీసి 6,378 కలపండి. దాదాపు 41,113 కిలోమీటర్లు వస్తుంది, కావలసినదానికి 1,050 తక్కువ. కెప్లర్ నియమాన్ని వెనుక నుంచి వాడితే చుట్టు కాలం దాదాపు 23 గంటల 3 నిమిషాలు అవుతుంది. అంటే భూమి కంటే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ 53 నిమిషాలు ముందు ఉంటుంది. రోజు లెక్కలో చూస్తే దాదాపు 14 డిగ్రీలు తూర్పుకు కదులుతూ, సుమారు 26 రోజులకు ఒకసారి భూమి మొత్తాన్ని చుట్టివస్తుంది. ఎత్తులో లోటు మూడు శాతం కూడా లేదు, అయినా ఏ ఇంటి డిష్‌కూ పనికివచ్చే పరిస్థితి లేదు. కక్ష్య కోడిగుడ్డు ఆకారంలో ఉండడం మరొక చిక్కు. దగ్గరగా వచ్చినప్పుడు వేగం పెరిగి, దూరంగా వెళ్లినప్పుడు తగ్గుతుంది కాబట్టి, సగటు కాలం సరిపోయినా సరే ఉపగ్రహం రోజూ తూర్పు పడమరలకు ఊగుతుంది. కక్ష్య గుండ్రంగా ఉండాలన్న షరతు అందుకోసమే.

ఆ ప్రయోగాన్ని వైఫల్యంగా మాత్రమే చూడడం నాకు ఇష్టం లేదు. ఈ కక్ష్య ఎంత ఇరుకైనదో మన తీరం నుంచే, నిజమైన అంకెలతో చూపిన ఉదాహరణ అది.

భూమధ్యరేఖ షరతును విడిగా అర్థం చేసుకోండి

ఎత్తు సరిపోయింది, కక్ష్య గుండ్రంగా ఉంది. అయితే హైదరాబాద్ నడినెత్తిన ఒక ఉపగ్రహాన్ని ఎందుకు నిలపకూడదు? ఒక నారింజపండు, ఒక రబ్బరు బ్యాండు తీసుకోండి. భూమి ఆకర్షణ ఎప్పుడూ కేంద్రం వైపే ఉంటుంది కాబట్టి ఉపగ్రహం తిరిగే వృత్తానికి కేంద్రం కూడా భూమి కేంద్రమే కావాలి. పండును సరిగ్గా రెండు సమాన భాగాలు చేసే చోట బ్యాండు వేస్తే అలాంటి వృత్తం వస్తుంది. హైదరాబాద్ అక్షాంశం మీదుగా, భూమధ్యరేఖకు సమాంతరంగా వేస్తే వచ్చేది చిన్న వృత్తం, దాని కేంద్రం భూమి కేంద్రానికి ఉత్తరాన పడుతుంది. హైదరాబాద్ మీద నిలిచి ఉండాలంటే ఉపగ్రహం ఈ రెండో వృత్తంలోనే తిరగాలి, ఆకర్షణ దాన్ని మొదటి వృత్తంలోకే లాగుతుంది.

ఇంజిన్‌తో ఆపవచ్చు కదా అన్న ప్రశ్నకు అంకెలతోనే జవాబు ఇవ్వవచ్చు. 42,164 కిలోమీటర్ల దూరంలో భూమి లాగే త్వరణం సెకనుకు సెకనుకు 0.224 మీటర్లు. 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, ఇందులో భూమధ్యరేఖ తలం వైపు లాగే వాటా 0.067 మీటర్లు. దీన్ని ఒక రోజంతా ఎదుర్కోవాలంటే సెకనుకు 5.8 కిలోమీటర్ల వేగమార్పుకు సరిపడా ఇంధనం ప్రతి రోజూ కాల్చాలి. మామూలు భూస్థిర ఉపగ్రహం తన చోటు కాపాడుకోవడానికి ఏడాది మొత్తానికి ఖర్చు చేసేది సెకనుకు దాదాపు 50 మీటర్ల వేగమార్పు మాత్రమే.

భూమధ్యరేఖకు వంగి ఉన్న, కాని చుట్టు కాలం సరిపోయే కక్ష్యలో పెడితే ఉపగ్రహం రోజులో సగభాగం ఉత్తరాన, సగభాగం దక్షిణాన గడుపుతూ ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తుంది. దారి చూపే మన నావిక్ వ్యవస్థలో కొన్ని ఉపగ్రహాలను 29 డిగ్రీల వాలుతో కావాలనే అలా పెట్టారు. రిసీవర్‌కు వేర్వేరు దిక్కుల నుంచి సంకేతాలు అందడం అక్కడ అవసరం. కదలని డిష్‌కు మాత్రం అది పనికిరాదు.

ఇక డాబా ఎక్కండి

భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది కాబట్టి మన డిష్‌లన్నీ దక్షిణ ఆకాశాన్నే చూస్తాయి. జీశాట్-15 హైదరాబాద్‌కు 15 డిగ్రీలు తూర్పుగా కూడా ఉంది, అందువల్ల అది ఆగ్నేయ దిశలో, ఉత్తరం నుంచి కొలిస్తే 138 డిగ్రీల వద్ద, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తున కనిపించాలి. ఇంటి మీది చిన్న డిష్ చూడడానికి ఇంతకంటే నిటారుగా నిలబడి ఉంటుంది. సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరం మధ్యలో కాక కింది వైపు ఉండేలా చేసిన ఆకారం అది, అందుకే డిష్ ముఖం ఒక వైపు ఉన్నా చూపు మరింత పైకి ఉంటుంది. దాన్ని చూసి లెక్క తప్పిందని అనుకోకండి.

ఇప్పుడు ఎత్తును కొలిచే పని. ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మరొకసారి, కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొద ఉపగ్రహం సంకేతాన్ని కప్పేయడంతో, కొద్ది నిమిషాల పాటు సెట్‌టాప్ బాక్స్‌లో సిగ్నల్ నాణ్యత పడిపోతుంది. ఉపగ్రహం నక్షత్రాలంత దూరంలో ఉంటే, భూమధ్యరేఖ తలంలో ఉన్న ఆ ఉపగ్రహాన్ని సూర్యుడు కప్పేది రాత్రింబవళ్లు సమానమయ్యే రోజునే, అంటే మార్చి 20న, సెప్టెంబరు 23న. కాని మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉండి, అంత దూరంలో లేని వస్తువును చూస్తున్నాం. అందుకని అది మనకు ఆ తలం నుంచి కాస్త దక్షిణానికి జరిగినట్లు కనిపిస్తుంది. ఎంత జరిగిందో తెలిస్తే దూరం తెలిసినట్లే.

చేయవలసింది ఇది. మార్చి 8 నుంచి 17 వరకు రోజూ ఉదయం 11 గంటల నుంచి 11.30 వరకు సిగ్నల్ నాణ్యత చూపే తెరను తెరిచి ఉంచి, ప్రతి రెండు నిమిషాలకు అంకె రాసుకోండి. ఏ రోజు నాణ్యత అన్నిటికంటే లోతుగా పడిందో గుర్తించండి. హైదరాబాద్‌లో అది మార్చి 12, 13 ప్రాంతంలో, 11.15 సమయంలో జరగాలి. శరదృతువులో అయితే అక్టోబరు 1 ప్రాంతంలో, 11 గంటలకు కొద్దిగా ముందు. మబ్బు పట్టిన రోజు వచ్చే తగ్గుదలను దీనితో పొరపడకండి. సూర్యుడి వల్ల వచ్చినదైతే మరుసటి రోజు కూడా దాదాపు అదే నిమిషానికి వస్తుంది. చిన్న డిష్ మీద ఈ తగ్గుదల స్వల్పంగానే ఉండవచ్చు. దగ్గరలో కేబుల్ ఆపరేటర్ వద్ద మూడు కాళ్ల మీద మధ్యలో ఎల్‌ఎన్‌బీ నిలిపిన పెద్ద గుండ్రటి డిష్ ఉంటే పని మరింత తేలిక. ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ నడిమధ్యన పడిన రోజే, ఆ డిష్ చూస్తున్న ఉపగ్రహానికి సూర్యుడు వెనుక ఉన్న రోజు. అయితే అది చూసే ఉపగ్రహం వేరైతే గడియారంలో సమయం మారుతుంది, రోజు మాత్రం పెద్దగా మారదు.

ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే సూర్యుడు భూమధ్యరేఖ తలానికి ఎన్ని డిగ్రీలు ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడన్నది, పంచాంగంలో చూడండి. దాదాపు 3 డిగ్రీలు దక్షిణం అని ఉంటుంది. ఇక హైదరాబాద్ భూమధ్యరేఖ తలానికి ఎంత ఎత్తున ఉందో కావాలి. భూమి వ్యాసార్ధం 6,378ని 17.4 డిగ్రీల సైన్‌తో గుణిస్తే 1,907 కిలోమీటర్లు. దీన్ని 3 డిగ్రీల సైన్ అయిన 0.05234తో భాగిస్తే దాదాపు 36,400 కిలోమీటర్లు వస్తుంది. ఇది మీ డాబా నుంచి ఉపగ్రహానికి గల దూరం. కెప్లర్ లెక్క ప్రకారం ఉపగ్రహాన్ని 42,164 వద్ద ఉంచి, హైదరాబాద్ నుంచి ఏటవాలు దూరం విడిగా గణిస్తే 36,370 వస్తుంది. ఒకటి భూమి తిరిగే కాలం నుంచి వచ్చిన అంకె, మరొకటి సూర్యుడి నీడ నుంచి వచ్చిన అంకె, రెంటికీ దారులు వేరు.

ఈ కొలతకు ఒక పరిమితి ఉంది. ఆ రోజుల్లో సూర్యుడి క్రాంతి రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు మారుతుంది, కాబట్టి రోజును ఒక్కటి తప్పుగా పట్టుకుంటే దూరం నాలుగైదు వేల కిలోమీటర్లు తేడా వస్తుంది. మార్చి కొలత, అక్టోబరు కొలత రెండూ చేసి సగటు తీయడం మంచిది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్నవారికి ఈ కోణం పెద్దది, పొరపాటు వాటా చిన్నది. డాలస్‌లో ఉన్న తెలుగువారు తమ ఆకాశంలోని ఒక ఉపగ్రహంతో ఇదే పని చేస్తే ఐదు డిగ్రీలకు పైగా చూస్తారు, వారికి ఆ రోజు మార్చి 7 ప్రాంతంలోనే వస్తుంది. సింగపూర్‌లో ఉన్నవారికి మాత్రం ఈ పద్ధతి అక్కరకు రాదు. వారు దాదాపు భూమధ్యరేఖ మీదే ఉన్నందున కోణం కొలవలేనంత చిన్నది.

ఒకసారి చేరాక కూడా అది తనంతట తాను నిలవదు

సూర్యచంద్రుల ఆకర్షణ కక్ష్యను ఏడాదికి దాదాపు 0.85 డిగ్రీల చొప్పున వంచుతుంది. సరిచేయకపోతే ఉపగ్రహం ఆ ఎనిమిది అంకెను గీయడం మొదలుపెడుతుంది, అది ఏటేటా పెద్దదవుతుంది. భూమధ్యరేఖ కూడా సరిగ్గా గుండ్రంగా లేదు కాబట్టి తూర్పు పడమరల జరుగుడు విడిగా ఉంటుంది. ఉపగ్రహాలు దగ్గరలోని స్థిరమైన చోటు వైపు మెల్లగా జారుతాయి. అలాంటి చోట్లు రెండే, వాటిలో ఒకటి 75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే మన దేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రం మీద ఉంది. 93.5 డిగ్రీల వద్ద ఉన్న జీశాట్-15ను అది పడమరకు లాగుతూ ఉంటుంది. కర్ణాటకలోని హాసన్‌లో, భోపాల్‌లో ఉన్న ఇస్రో నియంత్రణ కేంద్రాల నుంచి చిన్న ఇంజిన్లను అప్పుడప్పుడు మండించి దాన్ని తిరిగి తన చోటికి తెస్తారు. ఉపగ్రహంలో పరికరాలన్నీ చక్కగా పనిచేస్తున్నా, ఆ ఇంధనం అడుగంటినప్పుడు మిగిలిన చివరి కొద్దిపాటితో దాన్ని మరో రెండు మూడు వందల కిలోమీటర్లు పైకి నెట్టి, ఆ ఒక్క ఎత్తును తర్వాత వచ్చేదానికి ఖాళీ చేస్తారు.